తెల్లపొడిలో ఏ లోహం?

వాచ్ గ్లాసులో చెంచాడు తెల్లని పొడి ఉంది. వాసన లేదు, స్ఫటికాల తళుకు లేదు. ఉప్పు, సోడా, సుద్ద, నవాసారం, సీసం నైట్రేటు, జింకు సల్ఫేటు మెత్తగా నూరి పక్కపక్కనే పెడితే కంటికి అన్నీ ఒకలాగే ఉంటాయి. ఒక లవణంలో ధనావేశం ఉన్న భాగం ఒకటి, రుణావేశం ఉన్న భాగం ఒకటి ఉంటాయి. మొదటిది కాటయాన్, ఎక్కువగా ఏదో ఒక లోహం. రెండోది ఆనయాన్, అంటే కార్బొనేటు, క్లోరైడు, నైట్రేటు వంటిది. ఈ రెండూ ఏవో తేల్చే పనిని గుణాత్మక విశ్లేషణ అంటారు. ఎంత ఉందన్నది దీనికి పట్టదు, ఏముందన్నదే చూస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల్లో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌కు వెళ్లినవారు దీన్ని దాటకుండా బయటపడరు. వాళ్ల మాటల్లో దీని పేరు ‘సాల్ట్’. “నీకే సాల్ట్ వచ్చింది?” అన్నది ఆ రోజు ల్యాబు గుమ్మం దగ్గర అందరూ అడుక్కునే ప్రశ్న.

ఈ పనిలో చిక్కంతా ఒకచోటే ఉంది. ఏ ఒక్క పరీక్షా ఒక్క పదార్థాన్నే చూపించదు. సున్నపు తేటను తెల్లబరిచే వాయువులు రెండున్నాయి. మంటను ఎర్రబరిచే లోహాలు ఒకటికి మించి ఉన్నాయి. తెల్లటి అవక్షేపాలకైతే లెక్కే లేదు. అందుకే పరీక్షలకు ఒక వరుస ఏర్పడింది. ముందరి పరీక్షలో కొన్ని లోహాలు పక్కకు తొలగితేనే తరవాతి పరీక్షలో కనిపించిన రంగుకు అర్థం ఉంటుంది. ఇలా గ్రూపుల వారీగా నడిచే పద్ధతికి స్థిరమైన రూపం ఇచ్చిన వారిలో ముఖ్యుడు జర్మన్ రసాయనవేత్త కార్ల్ రెమీజియస్ ఫ్రెసెనియస్. విద్యార్థిగా ఉన్నప్పుడే ఆయన రాసిన గుణాత్మక విశ్లేషణ పుస్తకం 1841లో అచ్చయింది. నేటి ప్రాక్టికల్ రికార్డు పుస్తకాల్లో కనిపించే వరుసకు మూలం ఆ సంప్రదాయమే.

వాచ్ గ్లాసులోని పొడిని చివరిదాకా వెంబడిస్తే ఆ వరుస వెనకున్న లెక్క తెలుస్తుంది.

మొదట చూపు. పొడి తెల్లగా ఉందంటే రాగి, నికెల్, కోబాల్టు, ఇనుము, క్రోమియం దాదాపు లేనట్టే. వీటి మామూలు లవణాలకు నీలం, ఆకుపచ్చ, గులాబీ, గోధుమ వంటి రంగులుంటాయి. ‘దాదాపు’ అనడానికి కారణం ఉంది. నీటిని పోగొట్టుకున్న కాపర్ సల్ఫేటు కూడా తెల్లగానే ఉంటుంది, చుక్క నీరు తగిలితే నీలం తిరిగొస్తుంది. తరవాత పొడి పరీక్షనాళికలో చిటికెడు వేసి వేడిచేస్తారు. సీసం నైట్రేటైతే చిటపటలాడి గోధుమరంగు పొగ వదులుతుంది. జింకు లవణాల్లో చాలావాటి బూడిద వేడిగా ఉన్నంతసేపు పసుపుపచ్చగా ఉండి చల్లారాక తెల్లబడుతుంది. అమ్మోనియం క్లోరైడు కరగకుండానే ఆవిరై నాళిక చల్లటి గోడ మీద తెల్లగా పేరుకుంటుంది. ఈ పొడి వీటిలో ఏదీ చెయ్యలేదు. బర్నరు సెగకు కదలకుండా అలాగే కూర్చుంది. నీటిలో వేసి కలిపితే కరగలేదు, కాసేపటికి అడుక్కు దిగింది. కరగకపోవడం కూడా ఒక ఆధారమే. సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాల్లో మామూలుగా దొరికేవన్నీ నీటిలో కరుగుతాయి కాబట్టి ఆ మూడింటినీ ఇప్పటికి అనుమానితుల పట్టీలో చివరికి నెట్టవచ్చు. నైట్రేటులన్నీ కరుగుతాయి కాబట్టి అదీ కాదు.

ఇక ఆనయాన్. పొడి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు మిల్లీలీటర్లు పోయగానే బుసబుసమని పొంగింది. వాయువుకు రంగు లేదు. నాళికను ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చడం ఈ ల్యాబుల్లో పెద్ద తప్పు. చేత్తో గాలి విసురుకుంటూ కొద్దిగా మాత్రమే వాసన చూడాలి. చూస్తే వాసనా లేదు. గంధకం కాల్చిన ఘాటు ఉంటే సల్ఫైటు, కుళ్లిన గుడ్డు కంపు వస్తే సల్ఫైడు, గోధుమరంగు పొగ లేస్తే నైట్రైటు అనుకోవాల్సి వచ్చేది. వాయువును వంకర గొట్టం ద్వారా సున్నపు తేటలోకి పంపితే తేట పాలలా తెల్లబడింది.

చాలామంది ఇక్కడే ‘కార్బొనేటు’ అని రాసి గీత గీసేస్తారు. కానీ సల్ఫర్ డయాక్సైడు కూడా సున్నపు తేటను అచ్చం ఇలాగే తెల్లబరుస్తుంది. కార్బన్ డయాక్సైడైతే కాల్షియం కార్బొనేటు, సల్ఫర్ డయాక్సైడైతే కాల్షియం సల్ఫైటు. తేటలో తేలే తెలుపును చూసి రెండింటికీ తేడా చెప్పడం కుదరదు. పొటాషియం డైక్రోమేటులో ఆమ్లం కలిపి, అందులో తడిపిన వడపోత కాగితం ముక్కను అదే వాయువుకు చూపిస్తే అసలు సంగతి తెలుస్తుంది. సల్ఫర్ డయాక్సైడు తగిలితే నారింజరంగు కాగితం ఆకుపచ్చగా మారుతుంది. కార్బన్ డయాక్సైడు దాని జోలికి పోదు. ఈ పొడి వదిలిన వాయువులో కాగితం నారింజరంగులోనే ఉంది. అప్పుడు కార్బొనేటు ఖాయమైంది.

ఇంకో పొరపాటు సున్నపు తేటను అతిగా చూడటం. వాయువును ఎక్కువసేపు పంపితే తెల్లదనం మళ్లీ కరిగిపోయి తేట తేటగానే మారుతుంది. నీటిలో కరగని కార్బొనేటు కరిగే బైకార్బొనేటుగా మారడమే దీనికి కారణం. నాళిక పట్టుకుని పక్కవాడితో రెండు నిమిషాలు మాట్లాడి తిరిగి చూసిన విద్యార్థికి తేట తేటగానే కనిపిస్తుంది. ‘మార్పు లేదు’ అని రాసేస్తాడు.

ఆమ్లం ఎంపిక కూడా చిన్న విషయం కాదు. కొన్ని పుస్తకాలు ఈ పరీక్షకు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పొయ్యమంటాయి. సోడియం కార్బొనేటు విషయంలో అది బాగానే పనిచేస్తుంది. ఈ పొడి మీద పోస్తే మొదట నాలుగు బుడగలు వచ్చి, అంతలోనే పొంగు చల్లారుతుంది. లోపలున్న లోహం సల్ఫేటుతో కలిసి కరగని పొరగా మారి, ప్రతి రేణువును గుడ్డ చుట్టినట్టు చుట్టేస్తుంది. ఆ పైన ఆమ్లానికి లోపలికి దారి ఉండదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో జోరుగా పొంగి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వెంటనే ఆగిపోయిందంటే, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, సీసం వంటి లోహాల మీదికి చూపు అప్పుడే మళ్లాలి. చాలామంది దీన్ని ఆనయాన్ పరీక్షగానే చూసి వదిలేస్తారు. నిజానికి కాటయాన్ గురించి దొరికిన మొదటి మంచి జాడ ఇదే.

రెండో జాడ మంటలో ఉంది. వాచ్ గ్లాసులో కొద్దిగా పొడి తీసుకుని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసి ముద్ద చేస్తారు. ఆమ్లం ఎందుకంటే, కార్బొనేటును నేరుగా మంటలో పెడితే అది ఆక్సైడుగా మారి తీగ మీదే గట్టిపడి కూర్చుంటుంది. క్లోరైడుగా మారిస్తే సులువుగా ఆవిరవుతుంది. రంగు రావాలంటే పదార్థం మంటలోకి ఆవిరిగా చేరాలి. అంతకన్నా ముందు ప్లాటినం తీగను ఆ ఆమ్లంలోనే ముంచి, బర్నరు నీలిమంటలో కాల్చి, మంటకు ఏ రంగూ రానంతవరకూ ఆ పని మళ్లీ మళ్లీ చెయ్యాలి. దీన్ని ఎగ్గొట్టినవారికి ఏ లవణం ఇచ్చినా సోడియమే కనిపిస్తుంది. వేలి చెమటలో, బల్ల మీది దుమ్ములో, గాజులో సోడియం ఉంది. దాని పసుపు మంట ఎంత బలమైనదంటే లేశమాత్రం ఉన్నా మిగతా రంగులన్నీ దాని వెనక దాక్కుంటాయి.

శుభ్రమైన తీగ మీద ముద్దను అంటించి మంట అంచున పెట్టగానే ముందు ఒక్క క్షణం పసుపు మెరిసింది, తరవాత ఎరుపు. కెంపులాంటి నిండు ఎరుపు, తీగ కదిలినప్పుడల్లా రేకులు రేకులుగా పైకి లేచింది. పుస్తకాల పట్టికలో కాల్షియానికి ఇటుక ఎరుపు, స్ట్రాన్షియానికి కెంపు ఎరుపు, బేరియానికి లేత ఆకుపచ్చ అని ఉంటుంది. పట్టికలో చదివినంత తేలిక కాదు చూసి చెప్పడం. ఇటుక ఎరుపుకూ కెంపు ఎరుపుకూ మధ్య గీత ఎక్కడుందో ఇద్దరు మనుషులు ఒకేలా చెప్పరు. పైగా కిటికీలోంచి ఎండ పడుతున్న బల్ల మీద రెండూ ఒకటే. ఈ రంగులు సోడియం పసుపులా ఒంటరి పరమాణువు నుంచి వచ్చే ఒకే ఒక్క గీత కావు. మంటలో క్షణకాలం ఏర్పడే లోహపు హైడ్రాక్సైడు, క్లోరైడు అణువులు వెలువరించే వెడల్పాటి పట్టీలు. కాల్షియానికి నారింజ ఎరుపు పట్టీతో పాటు ఆకుపచ్చ పట్టీ కూడా ఉంటుంది, రెండూ కలిసి కంటికి ఇటుకరంగుగా తోస్తాయి.

నీలి కోబాల్టు గాజు ముక్క పనికొచ్చేది ఇక్కడే. సాధారణంగా దీన్ని సోడియం పసుపును మింగించి పొటాషియం లేత ఊదాను చూడటానికి వాడతారు. కానీ ఎరుపుల తగాదాను తీర్చడంలోనూ అది అక్కరకొస్తుంది. గాజులోంచి చూస్తే కాల్షియం మంట లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది, స్ట్రాన్షియం మంట ఊదారంగులో కనిపిస్తుంది. ఎరుపుల్లో తేడా పట్టలేని కన్ను ఆకుపచ్చకూ ఊదాకూ తేడా తప్పక పడుతుంది. చేతి స్పెక్ట్రోస్కోపు ఉంటే ఇంకా నయం. స్ట్రాన్షియానికి ఎరుపు, నారింజ పట్టీలకు దూరంగా ఒంటరిగా ఒక నీలి గీత ఉంటుంది. మంటను పట్టకం గుండా చూసే ఈ ఉపాయంతోనే బున్సెన్, కిర్కాఫ్ 1860లో సీసియంను, 1861లో రుబీడియంను కనుక్కున్నారు. ల్యాబులోని బర్నరుకు ఆ బున్సెన్ పేరే.

ఈ పొడి మంట నీలి గాజులోంచి ఊదాగా కనిపించింది. స్ట్రాన్షియం అనే అనుమానం బలపడింది. అయినా మంట ఒక్కదాన్ని నమ్మి రాయకూడదు. పొటాషియం కొద్దిగా కలిసినా నీలి గాజులో ఎరుపు, ఊదా ఛాయలే కనిపిస్తాయి. ల్యాబులో అందరూ వాడే తీగ మీద ముందువాడి లవణం మిగిలి ఉండొచ్చు. మంట చెప్పింది ఊహ. దాన్ని ద్రావణంలో రుజువు చెయ్యాలి.

పొడి నీటిలో కరగదు కాబట్టి అర గ్రాముకు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోస్తూ, పొంగు ఆగేదాకా కరిగించి, నీటితో పది మిల్లీలీటర్లు చేస్తారు. గ్రూపుల వరుస ఇక్కడ మొదలవుతుంది. మొదటి గ్రూపు కారకం సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. వెండి, సీసం, మెర్క్యురస్ పాదరసం ఉంటే దానికే తెల్లగా అవక్షేపం పడుతుంది. ఇక్కడ ద్రావణం తేటగా ఉంది కాబట్టి ఆ గ్రూపు అయిపోయినట్టే. రెండో గ్రూపులో, ఆమ్లం ఉండగానే, హైడ్రోజన్ సల్ఫైడు వాయువును పంపుతారు. రాగి, పాదరసం, మిగిలిన సీసం నల్లగా, కాడ్మియం, ఆర్సెనిక్ పసుపుగా, ఆంటిమొనీ నారింజగా దిగుతాయి. ఇక్కడ ఏదీ దిగలేదు. కుళ్లిన గుడ్డు కంపుకొట్టే ఈ వాయువు విషం. ఎక్కువ మోతాదులో ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది కాబట్టి కంపు తగ్గిందని ధైర్యపడకూడదు. పొగగూటిలోనే ఈ పని చెయ్యాలి.

మూడో గ్రూపులోకి వెళ్లేముందు ద్రావణాన్ని మరిగించి హైడ్రోజన్ సల్ఫైడును పూర్తిగా తరిమెయ్యాలి. సీసం అసిటేటు కాగితాన్ని ఆవిరికి పట్టి, నల్లబడటం లేదని చూసుకుంటే చాలు. ఇది వదిలేస్తే రెండు విధాలుగా దెబ్బ తగులుతుంది. అమ్మోనియా పోయగానే నాలుగో గ్రూపు లోహాలు ముందే దిగిపోతాయి. రెండోది మరీ మోసకారిది. ఇనుము కోసం కొన్ని చుక్కల గాఢ నైట్రిక్ ఆమ్లం వేసినప్పుడు, మిగిలిన సల్ఫైడు కొంత సల్ఫేటుగా మారుతుంది. ఆ సల్ఫేటు స్ట్రాన్షియం, బేరియంలను అక్కడికక్కడే పట్టుకుని కూలబెడుతుంది. ఐదో గ్రూపుకు వెళ్లేసరికి ద్రావణంలో వెతకాల్సిన లోహమే ఉండదు.

మూడో గ్రూపుకు ముందు అమ్మోనియం క్లోరైడు, తరవాత అమ్మోనియం హైడ్రాక్సైడు. ఈ రెండింటి వరుస తిరగెయ్యకూడదు. అమ్మోనియం అయాన్లు ముందే నిండుగా ఉంటే అమ్మోనియా నీటిలో హైడ్రాక్సైడు అయాన్లు కొద్దిగానే పుడతాయి. ఆ కొద్దిపాటికే అల్యూమినియం, ఫెర్రిక్ ఇనుము, క్రోమియం హైడ్రాక్సైడులుగా దిగుతాయి, మెగ్నీషియంలాంటివి ద్రావణంలోనే ఉంటాయి. అల్యూమినియంది గంజిలాంటి తెలుపు, ఇనుముది ఇటుకపొడి గోధుమ, క్రోమియంది బూడిద కలిసిన ఆకుపచ్చ.

ఈ పొడితో చేసినప్పుడు ఇక్కడ ఏదీ దిగకూడదు. అయినా కొన్ని బల్లల మీద తెల్లగా దిగుతుంది. ఆ విద్యార్థి సంతోషంగా ‘అల్యూమినియం’ అని రాసుకుంటాడు. తప్పు పొడిదీ కాదు, పద్ధతిదీ కాదు, మూత సరిగా పెట్టని అమ్మోనియా సీసాది. వారాల తరబడి గాలికి తెరుచుకున్న అమ్మోనియా నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును తాగి అమ్మోనియం కార్బొనేటును సమకూర్చుకుంటుంది. అదే ఐదో గ్రూపు కారకం. కాబట్టి ఐదో గ్రూపు లోహం మూడో గ్రూపులోనే తలుపు తీసుకుని బయటికొస్తుంది. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. అల్యూమినియం హైడ్రాక్సైడు జావలా, దాదాపు పారదర్శకంగా తేలుతూ ఉంటుంది. ఇది పిండిలా మెత్తగా అడుక్కు దిగుతుంది. అల్యూమినియందైతే సోడియం హైడ్రాక్సైడు ఎక్కువగా పోస్తే కరుగుతుంది, ఇది కరగదు. అన్నిటికీ మించి, వడకట్టి తీసిన అవక్షేపం మీద చుక్క ఆమ్లం వేస్తే బుడగలు వస్తాయి. హైడ్రాక్సైడుకు బుడగలు రావు. అనుమానం వస్తే ముందు సీసానే పరీక్షించవచ్చు. అమ్మోనియా నీటిలో కొంచెం బేరియం క్లోరైడు ద్రావణం కలిపి చూడాలి. తెల్లగా మారితే ఆ సీసా పక్కన పెట్టాలి.

తాజా అమ్మోనియాతో ద్రావణం తేటగానే ఉంది. అదే అమ్మోనియా ద్రావణంలోకి మళ్లీ హైడ్రోజన్ సల్ఫైడు పంపడం నాలుగో గ్రూపు. జింకు మురికి తెలుపుగా, మాంగనీసు మాంసపు రంగులో, నికెల్, కోబాల్టు నల్లగా దిగాలి. ఏదీ దిగలేదు. మళ్లీ మరిగించి వాయువును తరిమి, అమ్మోనియం క్లోరైడు, అమ్మోనియా సరిచూసి, అమ్మోనియం కార్బొనేటు ద్రావణం పోశారు. ఈసారి పాలు విరిగినట్టు తెల్లగా, దట్టంగా దిగింది. నాళికను గోరువెచ్చగా ఉంచితే అవక్షేపం పూర్తిగా కూడుతుంది. మరిగిస్తే మాత్రం అమ్మోనియం కార్బొనేటే విడిపోయి గాలిలో కలిసిపోతుంది.

ఐదో గ్రూపులో ఉన్నవి బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం. మూడూ ఒకే కుటుంబంవి, మూడింటి కార్బొనేటులూ తెలుపే. వీటిని విడదీసే భాగం ఈ విశ్లేషణ మొత్తంలో బాగా ఆలోచించి కట్టిన భాగం. అవక్షేపాన్ని వడకట్టి, నీటితో కడిగి, వేడి సజల అసిటిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ఆ ద్రావణం మూడు భాగాలు. మొదటి భాగంలో పొటాషియం క్రోమేటు వేస్తే పసుపు అవక్షేపం వస్తే బేరియం. రాకపోతేనే రెండో భాగంలో అమ్మోనియం సల్ఫేటు, తెలుపు వస్తే స్ట్రాన్షియం. అదీ రాకపోతేనే మూడో భాగంలో అమ్మోనియం ఆక్సలేటు, తెలుపు వస్తే కాల్షియం.

వరుస ఎందుకింత గట్టిగా పట్టుకోవాలంటే, వెనక నుంచి చూస్తే తెలుస్తుంది. ఆక్సలేటును ముందే పోస్తే మూడు లోహాలూ తెల్లగా దిగగలవు. సల్ఫేటును ముందు పోస్తే బేరియం, స్ట్రాన్షియం రెండూ దిగుతాయి. క్రోమేటు ఒక్కటే, అదీ అసిటిక్ ఆమ్లం ఉన్నప్పుడు, బేరియాన్ని మాత్రమే ఎంచుకుంటుంది. స్ట్రాన్షియం క్రోమేటు నీటిలో కొంత కరిగే పదార్థం. పైగా ఆమ్లం క్రోమేటు అయాన్లలో చాలావాటిని డైక్రోమేటుగా మార్చి తగ్గించేస్తుంది. మిగిలిన కొద్ది క్రోమేటు బేరియాన్ని దించడానికి చాలుతుంది, స్ట్రాన్షియాన్ని దించడానికి చాలదు. కాబట్టి ‘సల్ఫేటుతో తెలుపు వచ్చింది, స్ట్రాన్షియం’ అనే మాటకు విలువ రావాలంటే దాని ముందు ‘క్రోమేటుతో ఏమీ రాలేదు’ అన్నది ఉండాలి. రికార్డులో ‘ఏమీ రాలేదు’ అని రాసిన గడులను విద్యార్థులు ఖాళీ గడుల్లా చూస్తారు. సగం సాక్ష్యం వాటిలోనే ఉంది.

అసిటిక్ ఆమ్లం చాలకపోతే ఈ ఏర్పాటు కూలిపోతుంది. కడగకుండా కరిగించిన అవక్షేపంలో అమ్మోనియా మిగిలి ఉంటే స్ట్రాన్షియం క్రోమేటు కూడా పసుపుగా దిగి బేరియంలా నటిస్తుంది. ఇంకాస్త అసిటిక్ ఆమ్లం పోసి కలిపితే నిజం బయటపడుతుంది. స్ట్రాన్షియందైతే కరుగుతుంది, బేరియందైతే నిలుస్తుంది.

ఈ పొడికి క్రోమేటుతో ద్రావణం పసుపు, నారింజ మధ్య రంగులోకి మారింది గాని అవక్షేపం రాలేదు. అమ్మోనియం సల్ఫేటుతో తెల్లగా దిగింది. ఇక్కడా ఒక సందు మిగిలింది. కాల్షియం సల్ఫేటు కూడా పూర్తిగా కరిగేది కాదు, లీటరు నీటిలో రెండు గ్రాములే కరుగుతుంది. కాల్షియం చిక్కగా ఉంటే సల్ఫేటుకు అదీ తెల్లగా దిగి స్ట్రాన్షియంలా కనిపించవచ్చు. ఆ సందును మూసే పరీక్ష ఎంతో సాదాసీదాది. జిప్సంను నీటిలో కలిపి, కరిగినంత కరగనిచ్చి, వడకట్టిన నీరు, అంటే కాల్షియం సల్ఫేటు సంతృప్త ద్రావణం, అందులో వాడతారు. దాన్ని అనుమానపు ద్రావణంలో కలిపితే, కాల్షియమైతే ఏమీ జరగదు, ఎందుకంటే అందులో ఉన్నంత సల్ఫేటును కాల్షియం భరించగలదు. బేరియమైతే ఆ క్షణంలోనే తెల్లబడుతుంది. బేరియం సల్ఫేటు లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు మించి కరగదు. స్ట్రాన్షియం సల్ఫేటు ఈ రెండింటికీ మధ్యలో, లీటరుకు 0.1 గ్రాము పైచిలుకు కరుగుతుంది. అందుకే అది వెంటనే దిగదు.

జిప్సం నీరు పోసిన నాళిక తేటగా ఉంది. స్టాండులో పెట్టి వదిలేస్తే కొన్ని నిమిషాలకు, పొగమంచు పట్టినట్టు, సన్నని తెలుపు కమ్ముకుంది. వేడిచేసిన రెండో నాళికలో ఇంకా త్వరగా వచ్చింది. వెంటనే రాలేదు కాబట్టి బేరియం కాదు, అసలే రాకుండా ఉండలేదు కాబట్టి కాల్షియం కాదు. కెంపు మంట, నీలి గాజులో ఊదా, క్రోమేటుకు నిశ్శబ్దం, సల్ఫేటుకు తెలుపు, జిప్సం నీటికి ఆలస్యం, అన్నీ ఒకే పేరు చెప్పాయి. కాటయాన్ స్ట్రాన్షియం, ఆనయాన్ కార్బొనేటు. పొడి పేరు స్ట్రాన్షియం కార్బొనేటు, SrCO3. బాణసంచాలో ఎరుపు వెలుగుకు వాడేది స్ట్రాన్షియం లవణాలనే. స్కాట్లాండులోని స్ట్రాన్షియన్ అనే ఊరి గనుల్లో దొరికిన ఖనిజం మీదుగా ఈ లోహానికి ఆ పేరు వచ్చింది. ఆ ఖనిజం కూడా ఈ కార్బొనేటే.

ఒక కాటయాన్, ఒక ఆనయాన్ ఉన్న సాదా లవణానికి ఈ దారి బాగా నడుస్తుంది. మిశ్రమాల దగ్గర మలుపులు ఎక్కువ. ఫాస్ఫేటు ఉంటే అమ్మోనియా పోయగానే ఐదో గ్రూపు లోహాలు ఫాస్ఫేటులుగా మూడో గ్రూపులోనే దిగిపోతాయి కాబట్టి దాన్ని ముందే తొలగించాలి. లేశమాత్రంగా ఉన్నవి ఈ రంగుల్లో కనపడవు. అసలు ఆమ్లంలోనే కరగని పొడి ఎదురైతే ద్రావణం తయారు చెయ్యడమే మొదటి సమస్య అవుతుంది. మంగంపేటలో తవ్వితీసే ముగ్గురాయి అలాంటిదే. అది బేరియం సల్ఫేటు, ఏ సజల ఆమ్లానికీ లొంగదు. స్ట్రాన్షియం సల్ఫేటు కూడా ఆ కోవదే. ఇలాంటి పొడి మీద ఆమ్లం పోస్తే పొంగదు, కరగదు, గ్రూపుల వరుస మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

అప్పుడు పొడికి దాదాపు మూడింతల సోడియం కార్బొనేటు కలిపి, నీరు పోసి, పావుగంట మరిగిస్తారు. కార్బొనేటు, సల్ఫేటు ఇల్లు మార్చుకుంటాయి. సల్ఫేటు సోడియంతో కలిసి నీటిలోకి వెళుతుంది, లోహం కార్బొనేటుగా మారి అడుగున ఉంటుంది. వడకట్టిన నీటిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పొంగు ఆగేదాకా ఆమ్లీకరించి బేరియం క్లోరైడు వేస్తే, ఆమ్లంలో కరగని తెల్లటి అవక్షేపం వచ్చి ఆనయాన్ సల్ఫేటని చెబుతుంది. వడపోత కాగితం మీద మిగిలిన మడ్డిని వేడి నీటితో మళ్లీ మళ్లీ కడగాలి. కడిగిన నీటి చుక్కలో బేరియం క్లోరైడు వేస్తే తెల్లదనం రాని దాకా ఆపకూడదు. సల్ఫేటు లేశం మిగిలినా, ఆమ్లంలో కరిగించగానే లోహం మళ్లీ దాన్నే పట్టుకుని కూలిపోతుంది, చేసిన పని వృథా. బాగా కడిగి ఆరబెట్టిన ఆ మడ్డిని వాచ్ గ్లాసులోకి తీసుకుంటే, స్ట్రాన్షియం సల్ఫేటుతో మొదలుపెట్టినవారి ముందు ఉండేది చెంచాడు తెల్లని పొడి. వాసన లేదు, తళుకు లేదు, నీటిలో కరగదు, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుసబుసమని పొంగుతుంది.